31 మంది ఏ జిల్లాలోనూ లేరు

విజయవాడలో ప్రధాన కార్యాలయం, ఆంధ్రప్రదేశ్ అంతటా మందుల షాపులు ఉన్న ఒక కంపెనీని ఊహించుకుందాం. 2022 జూన్ ముగిసింది. ఆ నెల జీతం అందుకున్నవాళ్లు 1,286 మంది. జూన్ 30 నాటికి ఏ జిల్లాలో ఎంతమంది పనిచేస్తున్నారో చెప్పే హెడ్‌కౌంట్ రిపోర్టులో మాత్రం జిల్లాలన్నీ కలిపినా 1,249 మందే. 37 మంది తేడా ఎక్కడిదో తేల్చే పని, కొత్తగా చేరిన ఒక జూనియర్ అనలిస్టుకు పడింది.

ఈ రెండు అంకెలూ అసలు ఒకటి కానక్కర్లేదు. జీతాల పట్టిక నెల మొత్తానిది, హెడ్‌కౌంట్ ఒక్క రోజుది. నెల మధ్యలో మానేసినవాళ్లకు పనిచేసిన రోజులకు జీతం పడుతుంది గానీ, 30వ తేదీన వాళ్లు ఉండరు. అలాంటివాళ్లు 9 మంది. 25వ తేదీ తర్వాత చేరినవాళ్ల జీతం వచ్చే నెలలో కలిపి ఇస్తారు. వాళ్లు ముగ్గురు. 1,286లోంచి 9 తీసేసి 3 కలిపితే 1,280 రావాలి. అంటే నిజంగా కనిపించనివాళ్లు 31 మంది.

ఇక్కడ ఆ అమ్మాయి చేసిన మంచి పని, మొత్తాలతో కుస్తీ మానేసి మనుషుల దగ్గరికి వెళ్లడం. జూన్ 30న ఉద్యోగంలో ఉన్నవాళ్ల నంబర్లు ఒక పక్క, రిపోర్టులో లెక్కకొచ్చిన నంబర్లు ఇంకో పక్క పెట్టి పోల్చింది. మిగిలిన 31 పేర్లను బ్రాంచీల వారీగా పేర్చింది. ఒకచోట 14, ఇంకోచోట 17. రెండే బ్రాంచీలు! అనకాపల్లిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రెండూ మే నెలలో తెరిచినవే. పేర్లు పది చోట్ల చెదిరి ఉంటే నమోదులో పొరపాట్లని అనుమానించాలి. ఇలా ఒకేచోట గుంపుగా దొరికితే, లోపం మనుషుల వివరాల్లో కాదు, వాటిని కలిపే పట్టికలో ఉంటుంది.

ఆ పట్టికనే లుకప్ టేబుల్ అంటారు. ఉద్యోగి వివరాల్లో జిల్లా పేరుండదు, బ్రాంచి కోడ్ మాత్రమే ఉంటుంది. ఏ కోడ్ ఏ జిల్లాదో చెప్పేది ఈ చిన్న పట్టిక. రెండింటినీ మామూలు `JOIN`తో కలిపితే, పట్టికలో కోడ్ దొరకని ఉద్యోగి వరుస ఏ హెచ్చరికా లేకుండా రాలిపోతుంది. రాలినవాళ్లను పట్టుకోవడానికి ఆమె రాసిన ప్రశ్న ఇది:

```sql
SELECT e.branch_code, COUNT(*)
FROM staff_june30 e
LEFT JOIN branch_district d
  ON e.branch_code = d.branch_code
WHERE d.branch_code IS NULL
GROUP BY e.branch_code;
```

ఉద్యోగులందరినీ ఉంచి, జిల్లా దొరకనివాళ్లను మాత్రమే చూపించమని దీని అర్థం. ఆ రెండు కోడ్‌లే వచ్చాయి. పట్టికను చివరిసారి మార్చింది మార్చిలో. రెండు వరుసలు చేర్చగానే రిపోర్టు 1,280 చూపించింది.

"టోటల్ కుదిరింది కదమ్మా, పంపించెయ్" అన్నారు మేనేజర్.

"కుదిరింది సార్. కానీ ఇందులో నంద్యాల జిల్లా ఏదీ?"

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పట్టిక మార్చిది కాబట్టి నంద్యాల బ్రాంచీల వాళ్లు ఇంకా కర్నూలులోనే ఉన్నారు, నరసరావుపేట వాళ్లు పల్నాడుకు బదులు గుంటూరులో ఉన్నారు. పాతబడిన పట్టిక చేసే రెండో హాని ఇది. నా దృష్టిలో మొదటిదానికన్నా ఇదే పెద్దది. మనిషి లెక్కలోంచి జారిపోతే మొత్తం తగ్గి బయటపడుతుంది. తప్పు జిల్లాలో పడితే మొత్తం సరిగ్గానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

పాత పేర్లు చెరిపి కొత్తవి రాస్తే పని అయిపోదు. అప్పుడు 2022 జనవరి రిపోర్టు మళ్లీ తీస్తే, ఆ రోజుకి పుట్టని జిల్లాలో ఉద్యోగులు కనిపిస్తారు. అందుకే ఒక్కో వరుసకు ఎప్పటినుంచి, ఎప్పటివరకు అనే రెండు తేదీలు చేర్చింది. నంద్యాల బ్రాంచికి ఇప్పుడు రెండు వరుసలు: ఏప్రిల్ 3 వరకు కర్నూలు, 4 నుంచి నంద్యాల. దీంతో కొత్త ప్రమాదం ఒకటి వస్తుంది. కలిపేటప్పుడు తేదీ షరతు మరిచిపోతే ఒక్కో ఉద్యోగి రెండుసార్లు లెక్కకొస్తాడు, హెడ్‌కౌంట్ ఈసారి పెరుగుతుంది. కాబట్టి కలపకముందు ఎన్ని వరుసలున్నాయో, కలిపాక కూడా అన్నే ఉన్నాయా అని ప్రతి నెలా చూసే తనిఖీ పెట్టింది. జిల్లా దొరకనివాళ్లు రాలిపోకుండా, 'జిల్లా తెలియదు' అనే వరుసలో నిలిచేలా చేసింది.

తప్పు జిల్లాలో పడినవాళ్లను మాత్రం ఈ తనిఖీలేవీ పట్టుకోలేవు. అందుకు పట్టికకు ఒక బాధ్యుడు కావాలి. బ్రాంచీలు తెరిచే విభాగానికే అది అప్పగించారు: షాపుకు కోడ్ ఇచ్చిన రోజే జిల్లా కూడా రాయాలి, ప్రభుత్వం జిల్లాలు మారిస్తే గెజిట్ చూసి సరిచేయాలి. జులై రిపోర్టులో 'జిల్లా తెలియదు' ఎదురుగా 6 అని వచ్చింది. అనలిస్టు ఆ విభాగానికి ఫోన్ చేసింది. ఆ నెల తెరిచిన ఒక షాపుకు జిల్లా రాయడం మరిచిపోయారు. ఆ రోజు సాయంత్రానికల్లా రాశారు, రిపోర్టు మర్నాడు వెళ్లింది.