ఆత్మకూరు రైలు ‘టక్ టక్’ అనదు... ఎందుకు?

నడికుడి నుంచి శ్రీకాళహస్తి దాకా సుమారు 309 కిలోమీటర్ల రైలు మార్గం. ఉదయగిరి వైపు వింజమూరును తాకి, ఆత్మకూరు మీదుగా రాపూరు, వెంకటగిరి వైపు దిగేలా దాన్ని గీశారు. పడమటి నెల్లూరు జనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న లైను ఇది. ఈ లైన్లో రైలెక్కినా పాత సినిమాల్లో వినిపించే ‘టక్ టక్... టక్ టక్’ మాత్రం పెద్దగా వినబడదు. ఆ చప్పుడు పట్టాకీ పట్టాకీ మధ్య వదిలే సందుది. ఇప్పుడు పట్టాల్ని వరసగా వెల్డింగ్ చేసేస్తున్నారు, సందులు ఉండవు.

అసలు ఆ సందు ఎందుకు వదిలేవాళ్లు? ఎండకి ఇనుము సాగుతుంది కాబట్టి. ఎంత సాగుతుందో లెక్క వేద్దాం. పాత రోజుల్లో ఒక్కో పట్టా పొడవు 13 మీటర్లు. ఉక్కు ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకి 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పొద్దున్నే 30 డిగ్రీల దగ్గర పట్టా బిగించారనుకోండి. మే నెల మధ్యాహ్నం ఉదయగిరి ఎండకి పట్టా 60 డిగ్రీలకి చేరిందనుకోండి. అంటే 30 డిగ్రీల పెరుగుదల. మొత్తం సాగుడు 4.7 మిల్లీమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది కదా!

ఇప్పుడు ఆ పట్టా రెండు చివర్లూ కదలని గోడలకి ఆనించి ఉన్నాయనుకుందాం. సాగాలి, కానీ చోటు లేదు. దాంతో పట్టా గోడల్ని నెడుతుంది, గోడలు పట్టాని నొక్కుతాయి. ఆ ఒత్తిడికి సూత్రం ఇది:

σ = E × α × ΔT

E అంటే ఉక్కు గట్టిదనం, α అంటే సాగే గుణం, ΔT అంటే పెరిగిన వేడి. లెక్క కడితే ప్రతి చదరపు మిల్లీమీటరు మీద సుమారు 7.3 కిలోల ఒత్తిడి వస్తుంది. మీటరుకి 60 కిలోలు తూగే పట్టాని అడ్డంగా కోస్తే ఆ ముఖం సుమారు 7,700 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది. రెండూ గుణిస్తే 56 టన్నులు! ఆ 4.7 మిల్లీమీటర్లని ఆపడానికి అయ్యే ఖర్చు అది.

ఇప్పుడు చివర 3 మిల్లీమీటర్ల సందు వదిలామనుకోండి. పట్టా ముందు ఆ మేరకు హాయిగా సాగుతుంది. మిగిలిన 1.7 మిల్లీమీటర్లకి మాత్రమే గోడ అడ్డం. తోపుడు 20 టన్నులకి పడిపోతుంది. 5 మిల్లీమీటర్లు వదిలితే అసలు ఒత్తిడే ఉండదు. కానీ సందులో మట్టి, రాళ్లు ఇరుక్కున్నా, ఫిష్ ప్లేటు బోల్టులు తుప్పు పట్టి బిగుసుకున్నా ఆ సందు ఉన్నా లేనట్టే.

పై సూత్రాన్ని ఇంకోసారి చూడండి. అందులో పొడవు లేదు! పట్టా 13 మీటర్లున్నా, కిలోమీటరున్నా తోపుడు ఆ 56 టన్నులే. పొడవు పెరిగితే సాగాల్సిందీ పెరుగుతుంది, దాన్ని పంచుకునే ఇనుమూ అంతే పెరుగుతుంది. అందుకే ఒక్కో మీటరు మీద పడే నొక్కుడు మారదు. పొడవుతో పాటు పెరిగేది వదలాల్సిన సందు మాత్రమే.

వెల్డింగ్ పట్టాల రహస్యం ఇదే. ఎంత పొడవు అతికించినా తోపుడు పెరగదు కాబట్టి, దాన్ని తట్టుకునేలా పట్టుకుంటే చాలు. బరువైన కాంక్రీటు స్లీపర్లు, క్లిప్పులు, చుట్టూ పోసిన కంకర కలిసి గోడల పని చేస్తాయి. చివర్లలో సుమారు వంద మీటర్ల భాగం మాత్రం కదులుతుంది, అక్కడ ప్రత్యేకమైన జాయింటు పెడతారు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆ ప్రాంతపు సగటు వేడి దగ్గర, లేదా ఇంకాస్త ఎక్కువ దగ్గర ఒత్తిడి లేకుండా చేసి పట్టాని బిగిస్తారు. 40 డిగ్రీల దగ్గర బిగిస్తే, 60 డిగ్రీల ఎండలో పెరిగేది 20 డిగ్రీలే. తోపుడు 38 టన్నులకి తగ్గుతుంది.

ఇక్కడ ఉక్కు నలిగిపోతుందన్న భయం లేదు. అది ఇంతకంటే చాలా ఎక్కువే మోస్తుంది. భయమంతా పట్టా పక్కకి వంగిపోవడం గురించి. కంకర పలచబడినచోట పట్టా పాములా మెలిక తిరుగుతుంది. అందుకే మండే మధ్యాహ్నాల్లో సిబ్బంది లైను వెంబడి నడిచి, పట్టా సూటిగా ఉందో లేదో చూస్తారు. చలి రాత్రుల్లో ఇదే కథ తిరగబడుతుంది. పట్టా కుంచించుకోవాలని చూస్తుంది, లాగుడుకి బలహీనమైన వెల్డింగ్ దగ్గర విరగొచ్చు.

మీ మేడ మీద రెండు సిమెంటు స్తంభాల మధ్య బిగించిన 3 మీటర్ల ఇనుప రెయిలింగుకీ ఇదే లెక్క. 30 డిగ్రీలకి అది సాగేది 1 మిల్లీమీటరే. కానీ రెండు చివర్లూ సిమెంటులో పూడ్చేస్తే సన్నటి గొట్టం విల్లులా వంగుతుంది, లేదా స్తంభం దగ్గర ప్లాస్టరు పగులుతుంది. ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివర కాస్త పెద్ద గొట్టంలోకి దూర్చి, లోపల 3 మిల్లీమీటర్లు ఖాళీ వదలమని వెల్డరుకి చెప్పండి, చాలు.