తెర వెనుక పదిహేను నిమిషాలు

బడి వార్షికోత్సవానికి రెండు పట్టికలు ఉంటాయి. అతిథుల చేతికిచ్చే కరపత్రంలో అంశాల పేర్లే ఉంటాయి. తెర వెనుక గోడకు అంటించే కాగితంలో ఒక్కో అంశానికి ఎన్ని నిమిషాలు, ఏ తరగతి, ఎంతమంది పిల్లలు, ఏ దుస్తులు, ఏ పాట, ఎన్ని మైకులు, బాధ్యత ఏ టీచరుది అన్నీ రాస్తారు. కార్యక్రమం నడిచేది ఈ రెండో కాగితం మీదే.

ఇందులో మొదట చూడాల్సింది సమయం. పాట నాలుగున్నర నిమిషాలే అయినా వ్యాఖ్యాత ప్రకటనకు, పిల్లలు వరుసగా వచ్చి నిలబడడానికి, దిగిపోవడానికి మరో నిమిషంన్నర పడుతుంది. కాబట్టి పట్టికలో ఆరు నిమిషాలు వేయాలి. పాట నిడివే వేసుకుంటే ఇరవై అంశాలకు అరగంట ఆలస్యమవుతుంది.

తర్వాత చూడాల్సింది దుస్తుల మార్పు. ఉదాహరణకు కూచిపూడి చేసిన నలుగురు అమ్మాయిలే కోలాటంలోనూ ఉన్నారనుకుందాం. గజ్జెలు, నగలు తీసి, నాట్య దుస్తులు విప్పి, లంగా ఓణీ కట్టుకోవడానికి 15 నిమిషాలు కావాలి. మళ్లీ వేదిక పక్కన నిలబడడానికి మరో 2 నిమిషాలు. మధ్యలో ఐదు నిమిషాల ఎల్‌కేజీ పిల్లల పాట, నాలుగు నిమిషాల ఏకపాత్రాభినయం మాత్రమే ఉంటే 9 నిమిషాలే దొరుకుతాయి, 8 తగ్గుతాయి. చివర్లో ఉన్న పది నిమిషాల నాటికను ఇక్కడికి తెస్తే 19 నిమిషాలు వస్తాయి. జడ విప్పకుండా పూలు మాత్రమే మార్చితే పని ఇంకా తేలిక. ఈ లెక్కను గడియారం పెట్టుకుని, అసలు దుస్తులతో చేసే రిహార్సల్లో సరిచూసుకోవాలి.

పిల్లలను మూడు విడతలుగా కదిలిస్తారు. రెండు అంశాల ముందు గ్రీన్‌రూమ్‌లో పిలుపు: మంచినీళ్లు, బాత్‌రూమ్ అప్పుడే ముగించాలి. ఒక అంశం ముందు వేదిక పక్కకు తెచ్చి తల లెక్క చూస్తారు, కోలాటం కర్రలు చేతికిస్తారు. మూడోది ప్రవేశ సంకేతం. దాన్ని గడియారం చూసి కాక, ముందు బృందంలో ఆఖరి పిల్ల దిగాక ఒక్క టీచరే చేయెత్తి ఇవ్వాలి. ఇద్దరు ఇస్తే పిల్లలు సగం లోపల, సగం బయట ఉండగానే పాట మొదలవుతుంది.

ఎంత లెక్క వేసినా ఒక హుక్కు తెగవచ్చు, ముఖ్య అతిథి ఆలస్యం కావచ్చు. అందుకే యూనిఫాంలోనే వేదికెక్కి శతక పద్యాలు చెప్పగల ఇద్దరు పిల్లలను మొదటి నుంచీ సిద్ధంగా ఉంచుతారు. మూడు నిమిషాల ఖాళీని వాళ్లు నింపుతారు. చివరి నృత్య బృందాన్ని దుస్తులు మార్చనివ్వకుండా వేదిక మీదే నిలిపితే 52 సెకన్ల జాతీయ గీతం వాళ్లతోనే పూర్తవుతుంది.