డ్రెస్సింగ్ రూమ్ త్రీడీ వ్యూలో అద్దం చెప్పే నిజాలు

ఇంటీరియర్ పని మొదలయ్యే ముందు డిజైనర్లు త్రీడీ వ్యూలు పంపుతారు. హాలు బొమ్మలోనో పడకగది బొమ్మలోనో చిన్న తప్పులుంటే సాధారణంగా కంటికి ఆనవు. డ్రెస్సింగ్ రూమ్ సంగతి వేరు. వార్డ్‌రోబ్ స్లైడింగ్ తలుపుల నిండా అద్దాలే ఉంటాయి కాబట్టి గదిలో కొంత భాగం బొమ్మలో రెండోసారి కనిపిస్తుంది. ఆ రెండో గదిని ముందే ఆలోచించకుండా గీసిన బొమ్మ ఎంత మెరిసినా నమ్మకం కలిగించదు. ఒక్కోసారి అది ఇంటివాళ్లను తప్పుదోవ కూడా పట్టిస్తుంది.

ఒక గదిని తీసుకుని చూద్దాం. పొడవు 10 అడుగులు, వెడల్పు 7 అడుగులు. ఎడమ గోడ పొడవునా అద్దాల తలుపుల వార్డ్‌రోబ్. హ్యాంగర్లు పట్టాలంటే లోపల 24 అంగుళాల లోతు కావాలి, రెండు ట్రాకులకు ఇంకో 3 అంగుళాలు. కుడి గోడకు 15 అంగుళాల లోతున్న షెల్ఫులు, వాటిలో మడతపెట్టిన చీరలు, చెప్పులు, సంచులు. ఇవన్నీ పోగా నడవడానికి మిగిలేది మూడున్నర అడుగులు. పొట్టి గోడల్లో ఒకదానికి తలుపు లేని ద్వారం ఉంది, దాని అవతల పడకగది. ప్రతి షెల్ఫు కింద ముందు అంచుకు సన్నని పట్టీ కొట్టి, దాని వెనక 3000 కెల్విన్ ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టారు. పసుపు ఛాయ ఉన్న ఆ వెలుగును దుకాణాల్లో వార్మ్ వైట్ అంటారు.

బొమ్మ మొదలుపెట్టే ముందు ప్లాన్ కాగితం మీద చేయాల్సిన పని ఒకటుంది. కెమెరా ద్వారం దగ్గర, నడవ మధ్యలో ఉందనుకోండి. అంటే అద్దానికి ఒకటిముప్పావు అడుగు దూరం. అద్దానికి అవతల, వార్డ్‌రోబ్ లోపలి వైపు, సరిగ్గా అంతే దూరంలో ఇంకో కెమెరా ఉన్నట్టు చుక్క పెట్టండి. అద్దాన్ని కిటికీ అనుకుని, ఆ చుక్క నుంచి కిటికీ అంచుల మీదుగా గీతలు లాగండి. ఆ గీతల మధ్య ఏం పడుతుందో అద్దంలో అదే కనిపిస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా చివరికి చేసేది ఈ లెక్కే.

గదిళ్లలో ఎక్కువగా వాడే 24 ఎంఎం లెన్సు చూపు వెడల్పు సుమారు 74 డిగ్రీలు. కెమెరాను తిన్నగా ఎదుటి గోడ వైపు తిప్పితే కుడివైపు షెల్ఫులు రెండు అడుగుల దూరం దాటాక నేరుగా కనిపించడం మొదలవుతాయి. అద్దంలో మాత్రం అవే షెల్ఫులు ఏడు అడుగుల తర్వాతే మొదలవుతాయి. అంటే అద్దంలో కనిపించేది చివరి మూడు అడుగుల షెల్ఫులే. కెమెరా వెనకున్నది ఏదీ పడదు. కెమెరాను అద్దం వైపు తిప్పేకొద్దీ, నేరుగా కనిపించని దగ్గరి షెల్ఫులు అద్దంలోకి వస్తాయి. 53 డిగ్రీలు దాటాక, అప్పటిదాకా ఎవరికీ పట్టని ద్వారమూ దాని అవతలి పడకగదీ కనిపించడం మొదలవుతుంది. తలుపుల అందం చూపించాలని కెమెరాను అద్దానికి సూటిగా పెట్టేవాళ్లకు ఇబ్బంది వచ్చేది ఇక్కడే.

ఎందుకంటే మూడున్నర అడుగుల నడవలో కెమెరాను సూటిగా పెడితే తలుపుల్లో చిన్న ముక్కే ఫ్రేములో పడుతుంది. మొత్తం పట్టాలని షెల్ఫులనూ వాటి వెనక గోడనూ తీసేసి కెమెరాను వెనక్కి లాగుతారు. నేరుగా చూస్తే లోటు తెలియదు. అద్దంలో మాత్రం షెల్ఫులుండాల్సిన చోట నల్లటి ఖాళీయో, నీలి ఆకాశమో కనిపిస్తుంది. మీకొచ్చిన వ్యూలో అద్దంలోని గదికి ఒక గోడ లేదనిపిస్తే కారణం బహుశా ఇదే. దీనికి సరైన విరుగుడు ఉంది. బ్లెండర్‌లో ఆ గోడనూ షెల్ఫులనూ ఉంచేసి, వాటి Ray Visibility కింద Camera ఒక్కదాన్ని తీసేస్తే చాలు. కెమెరా వాటిగుండా చూస్తుంది. అద్దానికీ వెలుగుకూ అవి ఉన్నట్టే లెక్క.

ఇదే వెసులుబాటును ఇంకో పనికీ వాడతారు. గది చీకటిగా ఉందని కెమెరా వెనక అదనపు లైటు పెడితే అద్దంలో తెల్లటి చతురస్రం తేలుతుంది. ఆ లైటుకు Glossy తీసేస్తే చతురస్రం మాయమవుతుంది. అసలు ఇంట్లో లేని లైటు కాబట్టి దాన్ని దాచడంలో తప్పులేదు. అద్దంలో గజిబిజిగా ఉందని అసలైన షెల్ఫులనే దాచేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. రేపు ఆ గజిబిజిని రోజూ చూడాల్సింది ఇంటివాళ్లు. అద్దంలో సర్దుడు బాగాలేకపోతే షెల్ఫుల అమరిక మార్చాలి, లేదా రెండు తలుపుల్లో ఒకదానికే అద్దం పెట్టాలి.

తలుపుల విషయంలో ఒక చిన్న సంగతి బొమ్మను నిజం చేస్తుంది. రెండు ట్రాకులుంటాయి కాబట్టి ఒక అద్దం ఇంకోదానికంటే ఒకటిన్నర అంగుళం వెనక ఉంటుంది. అందువల్ల వెనక తలుపులోని ప్రతిబింబం 3 అంగుళాలు అదనంగా వెనక్కి జరుగుతుంది. ఒక తలుపు నుంచి రెండో తలుపులోకి వెళ్లేచోట ప్రతిబింబంలో షెల్ఫు గీతలు కాస్త తెగాలి. అవి తెగకుండా సాగిపోతే ఆ డిజైనర్ స్లైడింగ్ తలుపులు గీయలేదు, గోడకు అద్దం అతికించాడు. ట్రాకులకు కావాల్సిన 3 అంగుళాలు కూడా లెక్కలో వేసుకోలేదేమో అడగండి. నడవలో అంత తగ్గితే తేడా తెలుస్తుంది.

ఇక వెలుగు. స్ట్రిప్‌లన్నీ షెల్ఫుల వైపే ఉన్నాయి. అద్దం ముందు నిలబడ్డ మనిషికి షెల్ఫులు వీపు వెనక ఉంటాయి. ఖాళీ గది బొమ్మలో తేనెరంగు గీతలు అద్దంలో రెట్టింపై ముచ్చటగా ఉంటాయి. కానీ బొట్టు పెట్టుకునే మనిషికి వెలుగు పడేది వీపు మీద. ముఖానికి అందేది అద్దం తగిలి తిరిగొచ్చిన వెలుగు మాత్రమే, అందులోనూ కొంత సొంత నీడే అడ్డుకుంటుంది.

దీన్ని బొమ్మలోనే కనిపెట్టవచ్చు. అద్దానికి రెండు అడుగుల దూరంలో అయిదున్నర అడుగుల మనిషి బొమ్మను నిలబెట్టి, ప్రతిబింబంలో ముఖం చూడాలి. కాకపోతే ఒక జాగ్రత్త ఉంది. బ్లెండర్‌లోని సైకిల్స్‌లో Reflective Caustics ఆపేసి ఉంటే అద్దం తగిలి వచ్చే స్ట్రిప్ వెలుగు లెక్కలోకి రాదు, ముఖం ఉన్నదానికంటే నల్లగా వస్తుంది. దాన్ని ఆన్ చేస్తే బొమ్మలో తెల్లటి చుక్కలు ఎక్కువవుతాయి, అవి తగ్గాలంటే కంప్యూటర్‌కు చాలా ఎక్కువ సమయం ఇవ్వాలి. ఆ ఆలస్యం భరించలేకే చాలామంది దాన్ని ఆపేస్తారు. మామూలు వ్యూలకు ఆపేసినా ఈ పరీక్షకు మాత్రం ఆన్ చేయాల్సిందే.

మా లెక్కలోని గదిలో ముఖం ఇంకా మసకగానే ఉంటే షెల్ఫు స్ట్రిప్‌ల వాట్లు పెంచడం వల్ల పెద్దగా లాభం లేదు, వీపు ఇంకా వెలుగుతుంది. తలుపులు కదులుతాయి కాబట్టి అద్దం అంచుకు వైరు లాగడం కూడా కష్టం. మిగిలిన చోటు సీలింగ్. వార్డ్‌రోబ్ ముఖానికి సుమారు అడుగు ఇవతల, మనిషికీ అద్దానికీ మధ్యన, తెల్ల మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్‌లో ఇంకో స్ట్రిప్ పెట్టాలి. రంగు అదే 3000 కెల్విన్ ఉండాలి, లేకపోతే ముఖం ఒక రంగులో, చీర ఒక రంగులో కనిపిస్తాయి. చీర జరీ, అంచు రంగులు సరిగా తెలియాలంటే సీఆర్ఐ 90 పైన ఉన్న స్ట్రిప్ అడగాలి. ఈ మార్పు చేసి అదే మనిషి బొమ్మతో మళ్లీ తీయించి, రెండు వ్యూలూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే సీలింగ్ పనివాళ్లకు పాయింట్ ఎక్కడ వదలాలో చెప్పండి. ఫాల్స్ సీలింగ్ మూసేశాక ఆ వైరు లాగడం చాలా కష్టం.