సున్నాలు, ఒకట్లు సమానమైతే: పంపింగ్ లెమ్మాలో ఏ స్ట్రింగ్ పట్టుకోవాలి?

ఈరోజు పంపింగ్ లెమ్మాతో ఒకే ఒక్క లెక్క చేద్దాం. ఎన్ని సున్నాలు ఉంటే అన్నే ఒకట్లు ఉండే స్ట్రింగ్స్ అన్నీ కలిపి L అనుకోండి. వరుసతో పని లేదు. 0110 అందులో ఉంటుంది, 10 ఉంటుంది, 001 ఉండదు. ఈ L రెగ్యులర్ కాదని చూపించాలి.

బీటెక్‌లో ఇదే ప్రశ్న వస్తే నేను (01)^p తీసుకుని పేజీ నిండా రాశాను. మార్కులు సున్నా! ఎందుకంటే ఆ స్ట్రింగ్ మొదట్లో ఉన్న 01నే y అనుకుంటే, దాన్ని ఎన్నిసార్లు రిపీట్ చేసినా ఒక సున్నాకి ఒక ఒకటి చొప్పునే పెరుగుతాయి. లెక్క ఎక్కడా తప్పదు. అలాగని L రెగ్యులర్ అయిపోదు, నేను పట్టుకున్న స్ట్రింగ్ పనికిరాలేదు, అంతే.

సరే, మళ్లీ మొదటినుంచి వద్దాం. L రెగ్యులర్ అనుకుందాం. అప్పుడు దాన్ని గుర్తుపట్టే ఒక మెషిన్ ఉంటుంది, దానికి p స్టేట్స్ ఉన్నాయనుకోండి. మొదటి p అక్షరాలు చదివేలోపు అది p+1 సార్లు ఏదో ఒక స్టేట్‌లో ఉండాలి. ఉన్నవేమో p స్టేట్సే కాబట్టి, ఏదో ఒక స్టేట్‌కి రెండోసారి రాక తప్పదు. ఆ రెండు రాకల మధ్య చదివిన ముక్కే y. దాని ముందున్నది x, తర్వాత మిగిలింది z. మెషిన్ అక్కడ గుండ్రంగా తిరిగింది కాబట్టి y ఇంకోసారి వచ్చినా దానికి తేడా తెలీదు. అంటే xyyz కూడా L లోనే ఉండాలి.

ఇప్పుడు 0^p1^p ఇద్దాం. మొదటి p అక్షరాలూ సున్నాలే కదా! |xy| ≤ p కాబట్టి y ఎక్కడ పడినా అందులో సున్నాలే ఉంటాయి. xyyz లో సున్నాలు p+|y| అవుతాయి, ఒకట్లు p దగ్గరే ఆగిపోతాయి. y ఖాళీ కాదు కాబట్టి అవి సమానం కావు. L రెగ్యులర్ అన్న మాట అక్కడే కూలిపోయింది.

p = 4 పెట్టి చూడండి. స్ట్రింగ్ 00001111. y = 00 అయితే 0000001111 వస్తుంది, అంటే ఆరు సున్నాలు, నాలుగు ఒకట్లు. ఇది అర్థం కావడానికే సుమా. పరీక్షలో p ని p గానే ఉంచాలి, y ని కూడా మనం ఎంచుకోకూడదు. అవతలివాళ్లు ఎలా విడగొట్టినా మన మాట నిలబడాలి.

చాలామంది |xy| ≤ p రాయడం మర్చిపోతారు. అది లేకపోతే అవతలివాళ్లు మొత్తం 0^p1^p నే y అనేస్తారు. రెండుసార్లు రాసినా సున్నాలు, ఒకట్లు సమానమే, మన ప్రూఫ్ గోవిందా!

చివరగా మీకో పని. సున్నాలూ ఒకట్లూ కాకుండా, 01 అనే ముక్కలు, 10 అనే ముక్కలు సమానంగా ఉండే స్ట్రింగ్స్ తీసుకోండి. విచిత్రంగా అది రెగ్యులరే. స్ట్రింగ్ మొదటి అక్షరం, చివరి అక్షరం చూస్తే ఎందుకో దొరికిపోతుంది. కామెంట్స్‌లో రాయండి.