BRN అంటే ఏ దేశం?

2021 జూలై 31న టోక్యో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ సెమీఫైనల్. పి.వి. సింధు 18-21, 12-21తో ఓడిపోయిన ఆ మ్యాచ్ తెలుగువాళ్లు చాలామందికి గుర్తుండే ఉంటుంది. టీవీ తెర మీద సింధు పేరు పక్కన IND అని ఉంది. ప్రత్యర్థి తై జు యింగ్ పేరు పక్కన TPE అని ఉంది. ఆమె తైవాన్ అమ్మాయి. కానీ ఇంగ్లీషులో Taiwan అని రాస్తే అందులో P గానీ E గానీ రావు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ జాబితా తిరగేస్తే తైవాన్‌కు TWN అన్న కోడ్ కనిపిస్తుంది. ఆటల్లో మాత్రం అది ఎక్కడా కనబడదు.

తైవాన్ ఒక్కటే కాదు. జర్మనీ ఐఎస్‌ఓ లెక్కలో DEU, మైదానంలో GER. స్విట్జర్లాండ్ అక్కడ CHE, ఇక్కడ SUI. మన పొరుగునే ఉన్న శ్రీలంక అక్కడ LKA, ఇక్కడ SRI. నేపాల్ అక్కడ NPL, ఇక్కడ NEP. మన IND మాత్రం రెండు చోట్లా ఒకటే కాబట్టి ఈ తేడా మనవాళ్ల కంట తొందరగా పడదు.

ముందు పుట్టినవి ఆటల కోడ్‌లే. 1960లలోనే ఒలింపిక్స్ నిర్వాహకులు ఫలితాల పట్టీల్లో దేశాల పేర్లను మూడక్షరాలకు కుదించడం మొదలుపెట్టారు. తొలి రోజుల్లో ఆతిథ్యమిచ్చేవాళ్ల భాషను బట్టి ఆ అక్షరాలు మారిపోతుండేవి. 1970ల మొదటికి అవి చాలావరకు కుదురుకున్నాయి. ఐఎస్‌ఓ తన దేశాల జాబితాను తొలిసారి ప్రచురించింది 1974లో. అప్పటికే ఆటగాళ్ల చొక్కాల మీదికీ స్కోరు బోర్డుల మీదికీ రికార్డు పుస్తకాల్లోకీ ఎక్కిపోయిన అక్షరాలను ఒలింపిక్ సంఘం మార్చుకోలేదు.

భాష విషయంలోనూ రెండూ వేర్వేరు దారులు పట్టాయి. ఐఎస్‌ఓ చాలా చోట్ల ఆ దేశం వాళ్లు తమను తాము పిలుచుకునే పేరును తీసుకుంది. జర్మన్లకు వాళ్ల దేశం డాయిచ్‌లాండ్, అందుకే DEU. క్రొయేషియా వాళ్ల సొంత పేరు హ్ర్వాత్‌స్కా, అందుకే HRV. స్విట్జర్లాండ్‌లో నాలుగు భాషలున్నాయి కాబట్టి ఏదో ఒక భాష వైపు మొగ్గకుండా లాటిన్ పేరు నుంచి CHE తీసుకున్నారు. ఆటల్లో ఎక్కువగా ఇంగ్లీషు, ఫ్రెంచి పేర్లే నడుస్తాయి. GER, CRO ఇంగ్లీషువి. SUI ఫ్రెంచి.

ఇదంతా స్పెల్లింగు తేడా. అసలు తేడా ఇంకా లోతున ఉంది. ఈ రెండు జాబితాలూ లెక్కపెట్టేది ఒకే వస్తువును కాదు.

ఐఎస్‌ఓ లెక్కపెట్టేది నేలను. ఐక్యరాజ్యసమితి జాబితాల్లోని దేశాలు, ప్రాంతాల పేర్ల మీద ఆధారపడి అది కోడ్‌లు ఇస్తుంది. పాస్‌పోర్టు అడుగున యంత్రాలు చదివే రెండు వరుసల్లో, కస్టమ్స్ కాగితాల్లో వాడేవి ఇవే. అలాంటి కోడ్‌లు మొత్తం 249 ఉన్నాయి. మనిషన్నవాడు కాపురముండని బువే దీవికి కూడా BVT అనే కోడ్ ఉంది. ఆటల సంఘాలు లెక్కపెట్టేది సభ్యులను. ఒలింపిక్ సంఘంలో 206 జాతీయ కమిటీలున్నాయి, ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాలో 211 సంఘాలున్నాయి. సభ్యత్వం ఉంటే కోడ్ వస్తుంది, లేకపోతే రాదు.

ఫుట్‌బాల్‌లో బ్రిటన్ సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఐఎస్‌ఓకు బ్రిటన్ అంతా కలిపి ఒకటే, GBR. ఫిఫాకు మాత్రం అక్కడ నలుగురు సభ్యులున్నారు: ENG, SCO, WAL, NIR. ఫిఫా పుట్టింది 1904లో. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్ ఫుట్‌బాల్ సంఘాలు అంతకు ముందే, 1886లోనే, ఆట నియమాల కోసం ఒక బోర్డు పెట్టుకున్నాయి. అంతటి పాత సంఘాలు తమ ఉనికిని వదులుకోలేదు. కాబట్టి ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ విడిగా ఆడుతుంది. ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు ఒకే కమిటీ ఉంది కనుక 2012 లండన్ క్రీడల్లో అదే ఫుట్‌బాల్‌కు GBR పేరుతో ఒకే జట్టు దిగింది.

కొసోవోది దీనికి తిరగేసిన కథ. ఒలింపిక్ సంఘం 2014లో దానికి సభ్యత్వం ఇచ్చి KOS అంది. 2016 రియోలో జూడో క్రీడాకారిణి మయ్లిందా కెల్మెండి ఆ దేశానికి తొలి స్వర్ణం తెచ్చింది. ఐఎస్‌ఓ జాబితాలో కొసోవోకు ఇప్పటికీ అధికారిక కోడ్ లేదు. శరణార్థుల ఒలింపిక్ జట్టుకు పారిస్‌లో EOR అన్న కోడ్ ఇచ్చారు. దాని వెనుక నేలే లేదు, కాబట్టి ఐఎస్‌ఓలో దానికి చోటుండే అవకాశమే లేదు.

ఇక TPE. చైనా, తైవాన్‌ల మధ్య తగవు ఏళ్ల తరబడి ఒలింపిక్స్‌ను ఇబ్బంది పెట్టింది. 1979లో ఒలింపిక్ సంఘం ఒక మధ్యేమార్గం చూపింది. 1981లో తైవాన్ కమిటీ దానికి ఒప్పుకుని ‘చైనీస్ తైపే’ అన్న పేరు, వేరే జెండా స్వీకరించింది. తైపే అక్షరాలే TPE అయ్యాయి. ఐఎస్‌ఓ కోడ్ TWN అయినా, ఆ జాబితాలో పేరు మాత్రం ‘తైవాన్, చైనా ప్రావిన్స్’ అనే ఉంటుంది. ఒక్కో చోట ఒక్కో రాజీ. ఏ రాజీలోనూ ఆ ఆటగాళ్లు తమ దేశం పేరు తమకు నచ్చినట్టు రాసుకోలేరన్నది మాత్రం బాధ కలిగించే సంగతి.

ఈ తేడాలు తెలియకపోతే తప్పులు ఎలా దొర్లుతాయో ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన పారిస్ 2024 పతకాల పట్టిక తీసుకుని, దేశాల జనాభా పట్టికతో కంప్యూటర్‌లో కలుపుతున్నాడనుకుందాం. పతకాల పట్టికలో ఒలింపిక్ కోడ్‌లు, జనాభా పట్టికలో ఐఎస్‌ఓ కోడ్‌లు ఉన్నాయి. GERకు జత దొరకదు, ఆ గడి ఖాళీగా మిగులుతుంది. ఖాళీ కంటపడుతుంది కాబట్టి ఆయన వెంటనే సరిదిద్దుకుంటాడు. BRN దగ్గర అలా జరగదు. ఒలింపిక్స్‌లో BRN అంటే బహ్రెయిన్, ఐఎస్‌ఓలో BRN అంటే బ్రూనై. కంప్యూటర్ రెండింటినీ ఏ అభ్యంతరం లేకుండా కలిపేస్తుంది. మహిళల 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో విన్‌ఫ్రెడ్ యావి బహ్రెయిన్‌కు తెచ్చిన స్వర్ణంతో సహా ఆ దేశం గెలిచిన నాలుగు పతకాలూ బ్రూనై ఖాతాలో పడతాయి. ఎక్కడా ఖాళీ లేదు, ఎర్ర గీత లేదు. బ్రూనై ఇంతవరకు ఒక్క ఒలింపిక్ పతకమూ గెలవలేదని తెలిసిన మనిషి చూస్తేనే ఆ తప్పు బయటపడుతుంది.

బహ్రెయిన్ 1984లోనే ఒలింపిక్స్‌లో ఆడింది. బ్రూనై క్రీడాకారుడు తొలిసారి బరిలో దిగింది 1996లో. ఆలస్యంగా వచ్చిన బ్రూనైకి ఒలింపిక్స్‌లో BRU దక్కింది. ఐఎస్‌ఓలో బహ్రెయిన్ BHR. ఫిఫాలోనూ అది BHR కావడంతో, ఒకే దేశం ఫుట్‌బాల్ మైదానంలో ఒక కోడ్‌తో, అథ్లెటిక్స్ ట్రాక్ మీద మరో కోడ్‌తో కనిపిస్తుంది.

దూరం కొంత తగ్గుతోంది కూడా. ఒలింపిక్ సంఘం 2016లో సింగపూర్‌ను SIN నుంచి SGPకి, లెబనాన్‌ను LIB నుంచి LBNకి మార్చింది. ఆ రెండూ ఐఎస్‌ఓ కోడ్‌లే. అయినా రెండు జాబితాలూ పూర్తిగా ఒకటి కావు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆడుతున్నన్నాళ్లూ కాలేవు. కాబట్టి ఆటల లెక్కలు రాసే విద్యార్థులైనా విలేకరులైనా కోడ్‌తో కోడ్‌ను నేరుగా జతచేయవద్దు. దేశం పేరు, ఒలింపిక్ కోడ్, ఫిఫా కోడ్, ఐఎస్‌ఓ కోడ్ పక్కపక్కన రాసిన ఒక పట్టికను ముందే తయారుచేసుకుని, దాని ద్వారానే కలపండి. పని పూర్తయ్యాక BRN ఉన్న వరుసను ఒకసారి మీ కళ్లతో చూడండి.