ఆక్సిజన్ పక్కన కూర్చున్నదెవరు?

లేబుల్ ఊడిపోయిన రెండు సీసాలు. రెండింటిలోనూ నీళ్లలా తేటగా ఉన్న ద్రవమే, రెండూ పండ్ల వాసన వేసేవే. ఒకదానిలో నెయిల్ పాలిష్ తుడవడానికి వాడే ఇథైల్ ఎసిటేట్ ఉంది, రెండోదానిలో మిథైల్ ప్రొపనోయేట్. ఏది ఎందులో? మరిగించి చూస్తే ఒకటి 77 డిగ్రీల దగ్గర, ఇంకొకటి 80 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అణుభారం చూద్దామంటే రెండింటిదీ 88. ఫార్ములా కూడా ఒక్కటే, C4H8O2. తేడా అంతా అమరికలోనే ఉంది:

```
CH3-CO-O-CH2-CH3   ఇథైల్ ఎసిటేట్
CH3-CH2-CO-O-CH3   మిథైల్ ప్రొపనోయేట్
```

ఈ చిక్కు విప్పేది ప్రోటాన్ ఎన్ఎంఆర్. సన్నని గాజు గొట్టంలో కొద్దిగా నమూనా వేసి, బలమైన అయస్కాంతంలో ఉంచి, రేడియో తరంగాలు పంపితే అణువులోని హైడ్రోజన్లు జవాబిస్తాయి. ఆ జవాబు కాగితం మీద శిఖరాల వరుసగా కనబడుతుంది. 1951లో ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకార్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఇథనాల్‌లోని మూడు రకాల హైడ్రోజన్లు మూడు వేర్వేరు శిఖరాలు ఇస్తాయని చూపించారు. వారిలో ధర్మట్టి భారతీయుడు.

ఇప్పుడు మొదటి సీసా స్పెక్ట్రమ్ చూద్దాం. మూడు చోట్ల గుర్తులున్నాయి. 3.67 పీపీఎం దగ్గర ఒంటరి గీత, 2.32 దగ్గర నాలుగు గీతల గుంపు, 1.15 దగ్గర మూడు గీతల గుంపు. ప్రయోగశాలలో వీటిని సింగ్లెట్, క్వార్టెట్, ట్రిప్లెట్ అంటారు.

గీతలు ఎందుకు చీలాయి? పక్క కార్బన్ మీది ప్రతి హైడ్రోజనూ ఓ బుల్లి అయస్కాంతం. అది పైకి చూడొచ్చు, కిందికి చూడొచ్చు. CH2కి పక్కన CH3 ఉంటే, అక్కడి మూడు బుల్లి అయస్కాంతాలూ పైకే చూడటానికి ఒక్కటే దారి. రెండు పైకి, ఒకటి కిందికి చూడటానికి మూడు దారులు. ఒకటి పైకి, రెండు కిందికి మరో మూడు. అన్నీ కిందికి ఒకటి. అందుకే CH2 గుర్తు నాలుగుగా చీలి, 1:3:3:1 ఎత్తుల్లో నిలుస్తుంది. అదే లెక్కన, పక్కన రెండే హైడ్రోజన్లున్న CH3 మూడుగా చీలుతుంది. పక్క కార్బన్ మీద హైడ్రోజన్ లేకపోయినా, మధ్యలో ఆక్సిజన్ అడ్డుగా ఉన్నా గీత చీలదు.

ఇక ఇంటిగ్రేషన్. శిఖరాల మీదుగా మెట్లు మెట్లుగా ఎక్కే గీత ఒకటుంటుంది. స్కేలు పెట్టి కొలిస్తే మెట్లు 27, 18, 27 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. మొత్తం 72. అణువులో హైడ్రోజన్లు ఎనిమిది, అంటే ఒక్కోదానికి 9 మిల్లీమీటర్లు. కాబట్టి 3, 2, 3. మెట్టు ఎత్తు చెప్పేది నిష్పత్తినే, అసలు సంఖ్యను కాదు. ఫార్ములా తెలుసు కాబట్టే ఈ భాగహారం కుదిరింది.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. సింగ్లెట్, క్వార్టెట్, ట్రిప్లెట్. 3, 2, 3. ఈ వర్ణన రెండో ఎస్టర్‌కి కూడా అక్షరాలా సరిపోతుంది! రెండింటిలోనూ ఓ ఇథైల్ గుంపు, ఓ ఒంటరి మిథైల్ ఉన్నాయి మరి. చీలికనూ ఇంటిగ్రేషన్‌నూ వాటి చోటుతో కలిపి చదివితేనే తీర్పు వస్తుంది.

ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. దానికి అతుక్కున్న కార్బన్ మీది హైడ్రోజన్లకు ఎలక్ట్రాన్ల చాటు తగ్గి, వాటి గుర్తు 4 పీపీఎం దరిదాపులకు జరుగుతుంది. కాబట్టి అడగాల్సింది ఒక్కటే: ఆ చోట ఉన్నది ఎవరు? మొదటి సీసాలో 3.67 దగ్గర ఉన్నది మూడు హైడ్రోజన్ల సింగ్లెట్, అంటే ఆక్సిజన్ మీద ఉన్నది మిథైల్. అది మిథైల్ ప్రొపనోయేటే. ఇథైల్ ఎసిటేట్ అయితే 4.12 దగ్గర రెండు హైడ్రోజన్ల క్వార్టెట్ ఉండేది, సింగ్లెట్ 2.04కి వెళ్లేది, ట్రిప్లెట్ 1.26 దగ్గర కనబడేది.

స్పెక్ట్రమ్ ఎప్పుడూ ఇంత శుభ్రంగా ఉండదు. గొట్టం కడిగిన అసిటోన్ కాస్త మిగిలితే 2.17 దగ్గర సింగ్లెట్ తేలుతుంది, దాన్ని ఎసిటేట్ మిథైల్ అని పొరబడటం తేలిక. ద్రావణిగా వాడే CDCl3లో తేమ ఉంటే 1.56 దగ్గర ఇంకొకటి. అందుకే ఏ శిఖరాన్నీ ఒంటరిగా నమ్మకూడదు, దాని తోడు శిఖరాలను వెతకాలి.

మొదటి సీసా స్పెక్ట్రమ్‌లోనే 4.12 దగ్గర చిన్న క్వార్టెట్ కూడా కనబడిందనుకుందాం. 2.04, 1.26 దగ్గర దాని తోడు శిఖరాలుండి, మూడింటి మధ్య 2:3:3 నిష్పత్తి నిలిస్తే, అందులో కొంచెం ఇథైల్ ఎసిటేట్ కలిసిందన్నమాట. ఎంత కలిసిందో కూడా అక్కడే తెలుస్తుంది. 4.12, 2.32 క్వార్టెట్లు రెండూ రెండేసి హైడ్రోజన్లవే కాబట్టి, వాటి మెట్లను నేరుగా పోల్చవచ్చు. మొదటిది 1 మిల్లీమీటరు, రెండోది 19 ఉంటే, ప్రతి ఇరవై అణువుల్లో ఒకటి ఇథైల్ ఎసిటేట్.