లెక్కలో నిలిచింది, నీటిలో జారింది

1970లో శాన్ ఫ్రాన్సిస్కో ఓడరేవులో కొత్త టెర్మినల్ కోసం నీటి అడుగున పెద్ద కందకం తవ్వారు. లోతు సుమారు 30 మీటర్లు, పొడవు 600 మీటర్లు. అక్కడున్నది బే మడ్ అనే మెత్తటి బంకమట్టి. దాన్ని తీసేసి ఇసుక నింపాలని ప్లాను. అంతకుముందు అక్కడ ఇలాంటి గట్లను ఒకటికి ఒకటి వాలుతో తవ్వేవారు. ఈసారి తవ్వకం తగ్గుతుందని ఇంకాస్త నిటారుగా తవ్వారు. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ, అంటే భద్రతా గుణకం, 1.17 వచ్చింది. గట్టును పట్టి ఉంచే బలం, దాన్ని జార్చే బలం కంటే 17 శాతం ఎక్కువన్నమాట.

ఆగస్టులో 75 మీటర్ల మేర గట్టు కందకంలోకి జారిపోయింది. తర్వాత మరో 60 మీటర్లు పోయింది. మిగతాది మాత్రం ఇసుక నింపేదాకా చెక్కుచెదరలేదు!

లెక్కలో వాడింది సగటు బలం. మట్టి ఫ్యాక్టరీలో తయారయ్యే ఉక్కు కాదు. పది అడుగులు జరిగితే బలం మారుతుంది. పైగా బోరు వేసి తీసిన నమూనా ల్యాబుకు చేరేలోపు ఎంతో కొంత చెదురుతుంది. బంకమట్టి బలం సగటు చుట్టూ 13 నుంచి 40 శాతం దాకా చెదిరి ఉండటం మామూలే.

అమెరికన్ ఇంజినీరు జె. మైకేల్ డంకన్ 2000లో ఈ గట్టును మళ్లీ లెక్కకట్టి చూపారు. పద్ధతి కష్టమైనదేమీ కాదు. మట్టి బలాన్ని దాని ప్రామాణిక విచలనం మేర ఒకసారి పెంచి, ఒకసారి తగ్గించి గుణకం కట్టాలి. మట్టి బరువుకూ అలాగే చేయాలి. ఆ తేడాలన్నీ కలిపితే గుణకం ఎంత అటూఇటూ ఊగుతుందో తెలుస్తుంది. ఇక్కడ ఆ ఊగిసలాట 16 శాతం. దాన్నిబట్టి గట్టు కూలే సంభావ్యత 18 శాతమని తేలింది. నిజంగా జారింది మొత్తం పొడవులో ఐదో వంతుకు కాస్త పైన. ఒక్క ఉదాహరణతో పద్ధతి రుజువైపోదు గానీ, 1.17 దాచిపెట్టిన సంగతి మాత్రం బయటపడింది.

అసలు చిక్కు ఇదే. అదే 1.17కి ఊగిసలాట 5 శాతమే అయితే కూలే అవకాశం వెయ్యిలో ఒకటి. గుణకం 1.5 ఉన్నా ఊగిసలాట 30 శాతమైతే అది నూటికి 11. పెద్ద అంకె ఉన్న గట్టే ఎక్కువ ప్రమాదంలో ఉంది! ఈ శాతాలూ కచ్చితం కావు. బోర్లు తక్కువైతే మట్టి ఎంత చెదిరి ఉందో కూడా అంచనాయే.

కాబట్టి స్థలంలో మట్టి పరీక్ష చేయించుకునేవారు సగటు చూసి ఊరుకోవద్దు. ఎన్నిచోట్ల బోరు వేశారో, అన్నిటికన్నా తక్కువ బలం ఎక్కడ, ఎంత వచ్చిందో ఇంజినీరును అడగండి.